రూపాయిలో 20 పైసల వాటా, రూపాయి మొత్తానికీ బాధ్యత

"సార్, నేను బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. బిజినెస్ లా పేపర్లో భాగస్తుల బాధ్యత అపరిమితం, ఉమ్మడిగానూ విడివిడిగానూ ఉంటుంది అని రాస్తున్నాం. రూపాయిలో 20 పైసల వాటా ఉన్నవాడు మొత్తం అప్పు ఎందుకు కట్టాలో నాకు ఎంతకీ అర్థం కావడం లేదు. కంపెనీ అయితే సొంత ఆస్తి జోలికి ఎవరూ రారని పుస్తకంలో ఉంది. కానీ మా బాబాయిది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఆయన ఇంటి గోడకి బ్యాంకువాళ్ళు నోటీసు అంటించారు. పుస్తకం తప్పా, బ్యాంకు తప్పా? పరీక్షలో సమస్య ఇస్తే ఏమని రాయాలి?"
— ఒక విద్యార్థిని, ఖమ్మం

పుస్తకమూ తప్పు కాదమ్మా, బ్యాంకూ తప్పు కాదు. మీ బాబాయి సంగతి చివర్లో చెబుతాను. ముందు భాగస్వామ్యం తేలితే అది సగం దానంతట అదే తేలుతుంది.

1932 భారత భాగస్వామ్య చట్టం 4వ సెక్షన్ తీసి మళ్ళీ చదువు. భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నవాళ్ళని విడివిడిగా భాగస్తులు అంటారు, అందరినీ కలిపి ఫర్మ్ అంటారు, వాళ్ళు వ్యాపారం చేసే పేరుని ఫర్మ్ పేరు అంటారు. అంతే ఉంది అక్కడ. ఫర్మ్ అనే వేరే మనిషి పుట్టాడని చట్టం ఎక్కడా అనలేదు. షాపు మీద బోర్డు ఉంటుంది, పాన్ కార్డు ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, అయినా ఆ పేరు వెనక ఉన్నది ఆ ముగ్గురో నలుగురో మనుషులే. కాబట్టి ఫర్మ్ అప్పు చేసిందంటే వాళ్ళు అప్పు చేసినట్టే. నువ్వు రాస్తున్న "అపరిమిత బాధ్యత" చట్టం విధించిన శిక్ష కాదు. మనం ఎవరి దగ్గరైనా అప్పు తీసుకుంటే మన ఆస్తి అంతా దానికి జవాబుదారీ అవుతుంది కదా, భాగస్తుడిదీ అదే పరిస్థితి.

దీనికి 18వ సెక్షన్ కలుపు. వ్యాపార పనుల వరకు ప్రతి భాగస్తుడూ ఫర్మ్‌కి ఏజెంటు. అంటే ఒకరు పెట్టిన సంతకం మిగతా అందరికీ తగులుతుంది. ఆపై 25వ సెక్షన్: తాను భాగస్తుడిగా ఉన్న కాలంలో ఫర్మ్ చేసిన పనులన్నిటికీ ప్రతి భాగస్తుడూ మిగతావాళ్ళతో ఉమ్మడిగానూ, విడిగానూ బాధ్యుడు. ఈ మూడింటినీ వరుసలో పెట్టి చదివితే నీ సందేహానికి సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం లెక్కలో ఉంది. పరీక్షలో ఇచ్చే తరహాలోనే ఒక సమస్య వేసుకుందాం.

రాము, సోము, భీము కలిసి సిమెంటు, ఐరన్ షాపు పెట్టారు. రాము 5 లక్షలు, సోము 3 లక్షలు, భీము 2 లక్షలు మూలధనం పెట్టారు. లాభనష్టాలు కూడా 5:3:2. షాపులో కూర్చునేది రాము. భీము వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికోసారి వచ్చి లెక్కలు చూసుకుని వెళతాడు. భాగస్వామ్య పత్రంలో ఒక షరతు కూడా రాసుకున్నారు: 5 లక్షలు దాటిన ఆర్డరు ఏదైనా ముగ్గురి సంతకాలతోనే ఇవ్వాలి. రాము ఒక్కడే, ఫర్మ్ రబ్బరు స్టాంపు వేసి, దాని కింద "పార్ట్‌నర్" అన్నచోట సంతకం చేసి, ఒక సప్లయర్ దగ్గర 40 లక్షల సరుకు అరువుకి దింపాడు. వ్యాపారం దెబ్బతింది. షాపులో ఉన్న సరుకు, రావలసిన ఉద్దెర బాకీలు అన్నీ కలిపితే తేలింది 16 లక్షలు. ఇంకెవరికీ బాకీ లేదనుకుందాం. సప్లయర్‌కి ఇంకా 24 లక్షలు రావాలి.

భీము మొదట అనే మాట: "ముగ్గురి సంతకాలు ఉండాలని పత్రంలో రాసుకున్నాం. రాము ఒక్కడే చేస్తే నాకేం సంబంధం?" సిమెంటు షాపు తరఫున సిమెంటు కొనడం 19వ సెక్షన్ ప్రకారం ఏ భాగస్తుడికైనా ఉండే సహజ అధికారం. దాన్ని తమలో తాము తగ్గించుకోవచ్చు. కానీ ఆ తగ్గింపు సంగతి అవతలివాడికి తెలిసి ఉంటేనే అతని మీద పనిచేస్తుంది అంటుంది 20వ సెక్షన్. లేదా రాముని భాగస్తుడిగానే అతను ఎరగడు, అనుకోవడం లేదు అని తేలాలి. ఇక్కడ స్టాంపులోనే పార్ట్‌నర్ అని ఉంది, సప్లయర్ వీళ్ళ పత్రం ఎప్పుడూ చూడలేదు. భీము వాదన నిలవదు. అదే రాము ఫర్మ్ పేరు మీద ఒక స్థలం కొనడానికి ఒప్పందం రాశాడనుకో, జవాబు మారుతుంది. స్థిరాస్తి కొనడం, అమ్మడం, కోర్టులో ఉన్న దావాని వెనక్కి తీసుకోవడం, ఫర్మ్‌కి రావలసిన బాకీని రాజీపడి వదులుకోవడం లాంటివి ఆ సహజ అధికారంలోకి రావని 19వ సెక్షన్ రెండో భాగం జాబితా ఇస్తుంది. పేపరు తయారుచేసేవాళ్ళు సమస్యలో ఆ జాబితాలోది ఒకటి దాచిపెడతారు. అది గమనించకుండా 25వ సెక్షన్ రాసేస్తే మొదటి మెట్టు దగ్గరే మార్కులు పోతాయి.

భీము రెండో మాట నీ ప్రశ్నే: "నాది 20 పైసల వాటా. 24 లక్షల్లో నా వంతు 4 లక్షల 80 వేలు. అంతే ఇస్తాను." సప్లయర్ ఒప్పుకోనక్కర్లేదు. 5:3:2 అనేది ముగ్గురూ తమలో తాము చేసుకున్న పంపకం. సప్లయర్ ఆ ఒప్పందంలో లేడు. రేపు వాళ్ళు దాన్ని 1:1:1 చేసుకున్నా అతన్ని అడగరు. అతనికి తెలియకుండా మార్చుకోగలిగిన ఒక అంకె, అతనికి రావలసిన డబ్బుని తగ్గించడం న్యాయం కాదు కదా. అందుకే చట్టం బయటివాడికి ఒక లెక్క, లోపలివాళ్ళకి ఇంకో లెక్క పెట్టింది. బయటివాడు ఎవరి దగ్గర వసూలవుతుందో వాళ్ళ దగ్గర మొత్తం వసూలు చేసుకోవచ్చు. ఎవరి వంతు ఎంత అన్నది తర్వాత వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి. పన్ను బకాయిల దగ్గరా ఇదే మాట. ఫర్మ్ కట్టాల్సిన అమ్మకం పన్ను కోసం భాగస్తుల సొంత ఆస్తి మీదికి వెళ్ళవచ్చని సుప్రీంకోర్టు 2000లో దేనా బ్యాంక్ వర్సెస్ భిఖాభాయ్ ప్రభుదాస్ పారేఖ్ కేసులో చెప్పింది. ఫర్మ్‌కి భాగస్తులకంటే వేరైన అస్తిత్వం లేదన్న సూత్రమే అక్కడ ఆధారం.

ఇప్పుడు ఆ డబ్బు నిజంగా ఎలా వసూలవుతుందో చూడు. పాఠ్యపుస్తకం ఇక్కడ ఆగిపోతుంది, తగాదా మాత్రం ఇక్కడే మొదలవుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 30వ ఆర్డరు కింద సప్లయర్ ఫర్మ్ పేరు మీదే దావా వేయవచ్చు. సమన్లు అందరికీ ఇవ్వక్కర్లేదు, ఒక భాగస్తుడికి ఇచ్చినా దావా నడుస్తుంది, డిక్రీ వస్తుంది. ఆ డిక్రీ ఫర్మ్ ఆస్తి మీద ఎటూ పనిచేస్తుంది. భీము సొంత ఆస్తి మీదికి రావాలంటే మాత్రం 21వ ఆర్డరు 50వ రూలు చూడాలి. భాగస్తుడిగా భీముకి విడిగా సమన్లు అందినా అతను కోర్టుకి రాకపోతే, లేదా తాను భాగస్తుడినని ఒప్పుకుంటే, అతని ఆస్తిని నేరుగా జప్తు చేయవచ్చు. అసలు సమన్లే అందకపోతే సప్లయర్ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అప్పుడు భీము తాను భాగస్తుడిని కాదని వాదించవచ్చు. అంతేగానీ, డిక్రీ అయిపోయిన బాకీ అసలు ఉందా లేదా అన్న వాదనని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టనివ్వరు. "ఆ షాపు వ్యవహారం రాము చూసుకుంటాడులే" అని సమన్లు సొరుగులో పడేసే భాగస్తులు ఉంటారు. వాళ్ళు పోగొట్టుకునేది సరిగ్గా ఆ వాదించే అవకాశాన్నే.

భీముకి 30 లక్షల విలువైన ఖాళీ స్థలం ఉంది, 4 లక్షల సొంత చేబదులు ఉంది అనుకుందాం. భాగస్వామ్య చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ ఆస్తి ముందు ఫర్మ్ అప్పులకి, భాగస్తుడి సొంత ఆస్తి ముందు అతని సొంత అప్పులకి పోవాలి. మిగిలితే రెండోవైపు వెళుతుంది. కాబట్టి స్థలం అమ్మిన 30 లక్షల్లో 4 లక్షలు చేబదులు ఇచ్చినవాడికి, 24 లక్షలు సప్లయర్‌కి పోతాయి. భీము చేతిలో మిగిలేది 2 లక్షలు.

ఇప్పుడు లోపలి లెక్క. 48వ సెక్షన్ నష్టాన్ని ముందు లాభాల్లోంచి, తర్వాత మూలధనంలోంచి, అదీ చాలకపోతే భాగస్తుల నుంచి వాళ్ళ లాభాల నిష్పత్తిలో పూడ్చమంటుంది. ఇక్కడ మొత్తం నష్టం 34 లక్షలు: మూలధనం 10 లక్షలు పోయింది, పైన 24 లక్షల లోటు. 5:3:2లో పంచితే రాము 17 లక్షలు, సోము 10 లక్షల 20 వేలు, భీము 6 లక్షల 80 వేలు భరించాలి. ఎవరి మూలధనం వాళ్ళు తీసేస్తే రాము ఇంకా 12 లక్షలు, సోము 7 లక్షల 20 వేలు, భీము 4 లక్షల 80 వేలు తేవాలి. భీము ఇప్పటికే 24 లక్షలు కట్టాడు కాబట్టి తన వంతు పోను 19 లక్షల 20 వేలు మిగతా ఇద్దరి నుంచి రాబట్టుకునే హక్కు అతనికి ఉంది. నువ్వు అడిగిన 20 పైసల వాటా పనిచేసేది ఇక్కడ.

ఆ హక్కు కాగితం మీద బాగానే ఉంటుంది. రాము దివాలా తీశాడనుకో. అతను తేవాల్సిన 12 లక్షలు ఎవరు భరించాలి? మిగిలిన ఇద్దరే, 3:2లో. అంటే సోము మీద ఇంకో 7 లక్షల 20 వేలు, భీము మీద ఇంకో 4 లక్షల 80 వేలు పడతాయి. సోము మొత్తం 14 లక్షల 40 వేలు ఇవ్వాలి. భీముకి చివరికి తగిలేది 9 లక్షల 60 వేలు, తన వంతుకి సరిగ్గా రెట్టింపు. అది కూడా సోము ఇస్తేనే. అకౌంటెన్సీ పేపర్లో గార్నర్ వర్సెస్ మర్రే అని నేర్చుకున్నది ఈ సందర్భానికే. మూలధనాల నిష్పత్తీ లాభాల నిష్పత్తీ ఒకటే పెట్టాను కాబట్టి నీకు ఇక్కడ ఏ నిష్పత్తి వాడాలన్న గొడవ రాలేదు. పరీక్షలో అవి వేరుగా ఇస్తే, దివాలా తీసిన భాగస్తుడి లోటుని మిగతావాళ్ళకి మూలధనాల నిష్పత్తిలో పంచాలని గుర్తుపెట్టుకో.

అపరిమిత బాధ్యత అంటే భీముకి అసలు భయం అప్పు గురించి కాదు, తోటి భాగస్తుల గురించి. తన వంతు ఎంతో అతనికి ముందే తెలుసు. తక్కినవాళ్ళు ఇవ్వలేకపోతే ఎంతవుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. ఉన్నవాడి మీదే భారం పడుతుంది. నీ జవాబులో ఈ ఒక్క వాక్యం, పై లెక్కతో సహా ఉంటే, దిద్దేవాళ్ళకి నీకు విషయం అర్థమైందని తెలుస్తుంది.

ఫర్మ్ రిజిస్టరు కాలేదు కాబట్టి బాధ్యత లేదు అని రాసేవాళ్ళు ఏటా ఉంటారు. అలా రాయకు. 69వ సెక్షన్ కింద రిజిస్టరు కాని ఫర్మ్, తన కొనుగోలుదారుల మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. ఫర్మ్ మీద బయటివాళ్ళు దావా వేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. రిజిస్ట్రేషన్ లేకపోవడం భాగస్తులకే చేటు.

పరీక్షలో ఎక్కువగా అడిగే మలుపు ఇంకోటి ఉంది, దాని దగ్గర కాస్త ఆగుదాం. అదే సమస్యలో, సరుకు దింపడానికి ఆరు నెలల ముందే భీము విరమించుకున్నాడని ఇస్తారు. విరమణ పత్రం రాసుకున్నారు, తన 2 లక్షలూ తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు బాధ్యత ఉందా? 25వ సెక్షన్ "భాగస్తుడిగా ఉన్న కాలంలో" అంది కాబట్టి లేదని చాలామంది రాస్తారు. 32వ సెక్షన్ మూడో భాగం అలా వదలదు. విరమణ గురించి బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా, విరమించినవాడూ మిగిలినవాళ్ళూ బయటివాళ్ళ దృష్టిలో భాగస్తులుగానే లెక్క. ఆ ప్రకటన ఎలా ఇవ్వాలో 72వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టరైన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి నోటీసు ఇవ్వాలి, అధికారిక గెజిట్‌లో వేయించాలి, వ్యాపారం ఉన్న జిల్లాలో తిరిగే కనీసం ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటించాలి. దినపత్రిక లోపలి పేజీల్లో "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని చిన్న అక్షరాల్లో కనిపించే ప్రకటనల్లో ఇవీ ఉంటాయి. ఆ నాలుగు లైన్లు వేయించని భీము, ఆరు నెలల తర్వాత వచ్చిన సరుకుకీ దొరికిపోవచ్చు.

దొరికిపోవచ్చు అన్నాను, దొరుకుతాడు అనలేదు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. భీము భాగస్తుడని ఎప్పుడూ తెలియని సప్లయర్, అతన్ని చూసుకుని అప్పు ఇవ్వలేదు కాబట్టి, విరమణ తర్వాతి బాకీకి అతన్ని పట్టుకోలేడు. మన కథలో భీము వేరే ఊళ్ళో ఉండేవాడు. సప్లయర్‌తో వ్యాపారం మొదలైందే అతను వెళ్ళిపోయాకనా, ముందునుంచీ ఉందా, లెటర్‌హెడ్ మీద అతని పేరు ఉందా అన్న వివరాలు సమస్యలో వెతుకు. విరమణకి ముందున్న పాత బాకీలకైతే అతను బాధ్యుడే. సప్లయర్, మిగిలిన భాగస్తులు, అతను కలిసి ఒప్పందం చేసుకుంటే తప్ప అందులోంచి బయటపడలేడు. కొత్తగా చేరినవాడి లెక్క దీనికి తిరగబడి ఉంటుంది: 31వ సెక్షన్ ప్రకారం చేరకముందు జరిగినవాటికి అతనికి బాధ్యత లేదు. జీఎస్‌టీ విషయంలో మాత్రం 32తో పని తీరదు. ఆ చట్టం 90వ సెక్షన్ కింద విరమణ సంగతి కమిషనర్‌కి ఒక నెలలోగా రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే ఆ సమాచారం వాళ్ళకి అందిన తేదీదాకా పన్ను బాధ్యత సాగుతూనే ఉంటుంది.

పరీక్షలో రాసేటప్పుడు వరుస ఇలా ఉండాలి: "సరుకు కొనుగోలు ఫర్మ్ సాధారణ వ్యాపారంలో భాగం, ఫర్మ్ పేరుతో జరిగింది. కాబట్టి 18, 19, 22 సెక్షన్ల ప్రకారం రాము చర్య ఫర్మ్‌ని బంధిస్తుంది. పత్రంలోని షరతు సప్లయర్‌కి తెలియదు కాబట్టి 20వ సెక్షన్ కింద అది అతనికి వర్తించదు. ఆ సమయంలో భీము భాగస్తుడు. 25వ సెక్షన్ ప్రకారం మొత్తం బాకీకి అతను విడిగా కూడా బాధ్యుడు. కట్టిన తర్వాత తన వంతుకి మించినది తోటి భాగస్తుల నుంచి రాబట్టుకోవచ్చు." విరమణ ఉంటే 32, 72 చేర్చు. ముందు చర్య, తర్వాత అధికారం, తర్వాత కాలం, చివర పంపకం. సెక్షన్ నంబరు గుర్తురాకపోతే సూత్రం రాయి, తప్పు నంబరు వేయకు.

ఇక కంపెనీ. అదే ముగ్గురు, అదే 10 లక్షలు, అదే షాపు, కానీ 2013 కంపెనీల చట్టం కింద ప్రైవేట్ లిమిటెడ్‌గా పెట్టుకున్నారు అనుకో. రిజిస్టరైన రోజునుంచి కంపెనీ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. సిమెంటు కొన్నది కంపెనీ, బాకీ పడింది కంపెనీ. భీము దగ్గర 10 రూపాయల షేర్లు 20 వేలు ఉన్నాయి, అన్నిటికీ పూర్తి డబ్బు కట్టేశాడు. కంపెనీ మూతపడితే అతని 2 లక్షలు పోతాయి, ఖాళీ స్థలం అలాగే ఉంటుంది. షేరుకి 7 రూపాయలే కట్టి ఉంటే మిగిలిన 3 రూపాయల చొప్పున 60 వేలు అడుగుతారు, అంతకుమించి అడగరు. 24 లక్షల నష్టం సప్లయర్‌దే. సాలొమన్ వర్సెస్ సాలొమన్ అండ్ కంపెనీ చదువుతారు కదా, 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు. లండన్‌లో బూట్లు తయారుచేసే సాలొమన్ తన వ్యాపారాన్ని తన కంపెనీకే అమ్మాడు. 20,007 షేర్లలో 20,001 తనవే, మిగిలిన ఆరూ కుటుంబంలోని ఆరుగురివి. పైగా కంపెనీ నుంచి 10,000 పౌండ్ల డిబెంచర్లు తీసుకున్నాడు. కంపెనీ దివాలా తీశాక, డిబెంచర్లవాళ్ళకి పోగా తాకట్టు లేని అప్పులవాళ్ళకి ఏమీ మిగల్లేదు. అయినా కంపెనీ వేరు, సాలొమన్ వేరు, ఆ అప్పులు అతను కట్టనక్కర్లేదు అన్నారు. నా అభిప్రాయం అడిగితే, ఆ కేసుని సాలొమన్ వైపు నుంచే చదివించడం సరిపోదు. ఏమీ రాని ఆ సప్లయర్ల వైపు నుంచి కూడా చదవాలి. ఎందుకంటే ఆ తర్వాత అప్పు ఇచ్చేవాళ్ళందరూ నేర్చుకున్న పాఠమే మీ బాబాయి ఇంటి గోడమీద ఉంది.

బ్యాంకుకి కూడా ఈ పుస్తకం తెలుసు. 10 లక్షల మూలధనం ఉన్న కంపెనీకి 40 లక్షలు ఇస్తే, మునిగినప్పుడు తమ గతి ఆ సప్లయర్ గతే అవుతుందని తెలుసు. అందుకే లోన్ ఇచ్చేరోజు డైరెక్టర్ ముందు రెండు కట్టల కాగితాలు పెడతారు. మొదటి కట్టలో సంతకం పైన "ఫర్ ఫలానా ప్రైవేట్ లిమిటెడ్" అని, కింద "డైరెక్టర్" అని ఉంటుంది. ఆ సంతకం కంపెనీది. రెండో కట్టలో స్టాంపు ఉండదు. తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరుతో ఆయన సొంత పేరు ఉంటుంది, పైన "గ్యారంటీ అగ్రిమెంట్" అని ఉంటుంది. ఆ సంతకం ఆయనది. అదే పెన్ను, అదే కుర్చీ, అదే ఐదు నిమిషాలు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. పరిమిత బాధ్యత వాటాదారుకి ఇచ్చిన రక్ష. హామీదారుగా సంతకం పెట్టినవాడు ఆ రక్షని ఆ అప్పు వరకు తనే తీసి పక్కన పెట్టినట్టు.

గ్యారంటీ లేకపోయినా డైరెక్టర్ దాకా వచ్చే దారులు కొన్ని చట్టంలోనే ఉన్నాయి. అప్పులవాళ్ళని మోసం చేసే ఉద్దేశంతో వ్యాపారం నడిపితే కంపెనీల చట్టం 339 కింద, కంపెనీని మూసివేసేటప్పుడు, ట్రైబ్యునల్ సొంత బాధ్యత వేయవచ్చు. ప్రైవేట్ కంపెనీ జీఎస్‌టీ బకాయి కంపెనీ నుంచి వసూలు కాకపోతే, తన నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకోలేని డైరెక్టర్ మీదికి జీఎస్‌టీ చట్టం 89వ సెక్షన్ వెళుతుంది. ఇవి నీ జవాబులో రెండు వాక్యాలకి మించి అక్కర్లేదు. ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం గురించి అడిగితే, 2008 చట్టం దానికి కంపెనీలాగే వేరే అస్తిత్వం ఇచ్చిందనీ, భాగస్తుడు తాను చేసిన తప్పుకి తాను బాధ్యుడే గానీ తోటి భాగస్తుడి తప్పుకి కాదనీ రాయి.

మీ బాబాయి ఇంటి దగ్గర అంటించారంటే ఆ ఇల్లు బ్యాంకుకి తనఖాలో ఉండి ఉండాలి. ఉత్త గ్యారంటీ అయితే బ్యాంకు డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కి వెళ్ళి తేల్చుకోవాలి, నేరుగా ఇంటి మీదికి రాలేదు. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నప్పుడు మాత్రం 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద కోర్టుకి వెళ్ళకుండానే చర్య తీసుకోగలదు. డైరెక్టర్‌గా రాజీనామా చేసినా ఇచ్చిన గ్యారంటీ దానంతట అది పోదని ఆయనకి చెప్పు. కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైతే వచ్చే మారటోరియం, అంటే వసూళ్ళ మీద తాత్కాలిక నిలుపుదల, హామీదారుని కాపాడదని కూడా సుప్రీంకోర్టు 2018లో ఎస్‌బీఐ వర్సెస్ రామకృష్ణన్ కేసులో తేల్చింది.

ఆ నోటీసులో ఏ సెక్షన్ రాసి ఉందో ఇవాళే చూడమను. 13(2) అని ఉంటే అది డిమాండ్ నోటీసు, బాకీ కట్టడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు లెక్క మీద అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇస్తే, వాటిని ఒప్పుకోనప్పుడు బ్యాంకు 15 రోజుల్లో కారణాలు చెప్పి తీరాలి. 13(4) అని ఉంటే ఇల్లు కాగితం మీద స్వాధీనం చేసుకున్నట్టు. దాని మీద డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కి వెళ్ళడానికి 45 రోజులే ఉంటాయి. మీకు అది హైదరాబాద్‌లో. నోటీసు, శాంక్షన్ లెటర్, గ్యారంటీ అగ్రిమెంట్ మూడూ తీసుకుని ఈ కేసులు చూసే వకీలు దగ్గరికి వెళ్ళమను. గ్యారంటీ ఎంత మొత్తానికి ఇచ్చారో, ఏ లోనుకి ఇచ్చారో, ఇంటి మీద ఇంకెవరి హక్కైనా ఉందో ముందుగా వకీలు చూసేవి అవే.